వాక్యం చివర మింగేసే మాట

శ్రీకాకుళం జిల్లా నుంచి విజయవాడకో హైదరాబాదుకో ఉద్యోగానికి వచ్చిన మనిషికి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. సమావేశంలో తాను పది నిమిషాలు మాట్లాడితే, అందులో చెప్పిన లెక్క ఎవరికీ గుర్తుండదు గానీ మధ్యలో ఒకసారి దొర్లిన "ఏటి" మాత్రం అందరికీ గుర్తుంటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఒకరు "బాగున్నారేటండీ?" అని రాగం తీస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. మరునాటి నుంచి అతను నోరు తెరిచే ముందు ఒక క్షణం ఆగడం మొదలుపెడతాడు. ఆ ఒక్క క్షణంలో ఏం జరుగుతుంది, దానివల్ల అతని మాట ఎక్కడ దెబ్బతింటుంది, తిరిగి దారిలోకి తెచ్చుకోవాలంటే ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం విషయం. కరీంనగర్ నుంచి వచ్చినవారికీ కర్నూలు నుంచి వచ్చినవారికీ ఇదే అనుభవం ఉంటుంది. అయితే నాకు పుట్టుకతో తెలిసినది ఉత్తరాంధ్ర యాస కనుక ఎక్కువగా దాన్ని పట్టుకునే చెబుతాను.

యాస అని మనం ఒక్క మాటతో అనేస్తాం గానీ, అందులో కనీసం మూడు వేరువేరు సంగతులు కలిసి ఉంటాయి. మొదటిది ధ్వని. "చెప్పు" అనవలసిన చోట "సెప్పు" అనడం, "వెళ్లు" అనవలసిన చోట "ఎల్లు" అనడం ఇందులోకి వస్తాయి. రెండోది మాటలు, వాటి రూపాలు. "ఏమిటి"కి "ఏటి", "నేను"కు "నాను", "త్వరగా"కు "బేగి", "తినేశాను"కు "తినీసినాను" అనడం ఇలాంటివి. మూడోది రాగం, అంటే వాక్యం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది, ఏ అక్షరాన్ని సాగదీస్తాం, ఎంత వేగంగా మాట్లాడతాం అన్నది. ఎగతాళి చేసేవాడు ఈ మూడింటినీ కలిపి ఒకే ముద్దగా అనుకరిస్తాడు, ఎగతాళికి గురైనవాడు కూడా తన మాటలోని లోపం ఒకే ముద్ద అని నమ్ముతాడు. అందుకే దిద్దుకోవాలని కూర్చున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అన్నిటినీ ఒకేసారి వదిలించుకోబోయి, చివరికి మాట్లాడటమే తగ్గించుకుంటాడు.

ఈ మూడింటిలో వినేవారికి నిజంగా అర్థం కాకుండా అడ్డుపడేది ఏది? ధ్వని చాలా అరుదుగా అడ్డుపడుతుంది. "సెప్పండి" అన్నది అర్థం కాని తెలుగువాడిని నేను ఇంతవరకు చూడలేదు. హోటల్లో "సారు పొయ్యండి" అంటే అది చారు గురించో సారు గురించో సందేహం రావచ్చు గానీ, విస్తరి ముందు కూర్చున్నవాడికి ఆ సందేహం ఎంతోసేపు నిలవదు. రాగం దాదాపు ఎప్పుడూ అడ్డుపడదు. మాటలు, రూపాలు మాత్రం కొన్నిచోట్ల నిజంగానే అడ్డుపడతాయి. మా వైపు "గుంట" అంటే పిల్ల, మిగతా చోట్ల గొయ్యి. "గుంట పడిపోయింది" అని ఫోనులో చెబితే గుంటూరులో ఉన్నవాడు రోడ్డు గురించి ఆలోచిస్తాడు. తెలంగాణలో "నేను నిన్న పంపిన" అంటే వాక్యం పూర్తయినట్టే, కానీ కోస్తావాళ్ల చెవికి "పంపిన" అన్నది విశేషణం లాంటిది కనుక, పంపిన ఉత్తరమా, పంపిన డబ్బా అని తరువాతి మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఇటువంటి చోట్ల తప్పు ఎవరిదీ కాదు, రెండు పద్ధతులు ఎదురుపడ్డాయంతే. అయితే వినేవాడికి ఇబ్బంది కలిగిందన్నది నిజం కనుక, దిద్దుకోవడమంటూ ఏదైనా అవసరమైతే అది ఇక్కడే అవసరం.

ఎగతాళి మాత్రం ఈ లెక్కన నడవదు. జనం నవ్వేది అర్థం కాని మాటకు కాదు, చక్కగా అర్థమైన మాటకే. "ఏటి" అన్నప్పుడు నవ్వినవాడికి దాని అర్థం తెలుసు. తెలుసు గనుకనే నవ్వగలిగాడు. కాబట్టి ఎగతాళి ఎక్కడ వస్తే అక్కడ మన మాటలో లోపం ఉందని అనుకుంటే, దిద్దుకోవలసినదాన్ని వదిలేసి దిద్దుకోనక్కరలేని దాని మీద నెలల తరబడి శ్రమ పడతాం.

ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూడాలి. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలని నాలుగు మాండలికాలుగా విభజించారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మధ్య మండలం కిందికి వస్తాయి. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ రేడియో ఎక్కువగా ఆ ప్రాంతపు చదువుకున్నవారి భాషకు దగ్గరగా స్థిరపడ్డాయి, అదే "మామూలు తెలుగు" అయింది, మిగిలినవి యాసలయ్యాయి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. గ్రాంథిక భాషను కాదని వాడుక భాషే బడిలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ ఆ పోరాటంలో గెలిచింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. ఆయన పుట్టిన ఊరి రైతు మాట్లాడే తెలుగు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయింది. తెలంగాణ రాష్ట్రం కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తమ భాషా దినోత్సవంగా విడిగా పెట్టుకోవడం వెనుక కూడా ఇదే బాధ ఉంది.

ఇక "సెప్పు" అన్నది చెడిపోయిన ఉచ్చారణా? తెలుగు "చెవి"ని కన్నడంలో "కివి" అంటారు, తమిళంలో రాతలో చకారమే ఉన్నా పలుకుబడిలో "సెవి" అంటారు. మూలంలో ఉన్నది కకారమేననీ, ఇ, ఎ లాంటి అచ్చుల ముందు అది తెలుగులోనూ తమిళంలోనూ చకారమైందనీ ద్రావిడ భాషల చరిత్ర చదివినవారందరూ ఒప్పుకుంటారు. కన్నడం పాత హల్లును నిలుపుకుంది. అంటే "చెవి" అనేవారు ఆ పాత కకారం నుంచి ఒక అడుగు జరిగినవారు, "సెవి" అనేవారు మరో అడుగు జరిగినవారు. పైగా మనం "చాలు", "చూడు" అన్నప్పుడు పలికే చకారం "చెట్టు"లోని చకారం లాంటిది కాదు. అది దంత్యం, వింటే "త్స"కు దగ్గరగా ఉంటుంది, పాత వ్యాకరణాల్లో దానికి ౘ అని ప్రత్యేకమైన గుర్తు కూడా ఉంది. అందులోని తకారపు అంశ జారిపోతే మిగిలేది సకారమే. ఈ జారడం శ్రీకాకుళానికి మాత్రమే సంబంధించినదీ కాదు, గుంటూరు జిల్లా పల్లెల్లో కూడా చదువు అందని కుటుంబాల్లో "సూడు", "సెప్పు" వినిపిస్తాయి. ఒక జిల్లా యాస పేరుతో మనం నవ్వేది చాలాసార్లు ఒక వర్గపు మాటను, నిక్కచ్చిగా చెప్పాలంటే కొన్ని కులాల మాటను. ఆ సంగతి తెలిసే నవ్వేవాళ్లూ ఉన్నారు, తెలియక నవ్వేవాళ్లూ ఉన్నారు.

ఈ చరిత్ర తెలిస్తే సిగ్గు పోతుందా అంటే, కొంత పోతుంది గానీ పూర్తిగా పోదు. ఎదుటివాడు నవ్వినప్పుడు ప్రాచీన ద్రావిడ భాష గురించి ఉపన్యాసం ఇవ్వలేం. ఇస్తే ఇంకా నవ్వుతారు. పైగా సిగ్గు బయటివాళ్లు పెట్టేదే అయితే ఇంత లోతుకు దిగదు. 1960లో మాంట్రియల్‌లో వాలస్ లాంబర్ట్, ఆయన సహచరులు కలిసి చేసిన ఒక ప్రయోగం ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది. రెండు భాషలూ బాగా వచ్చిన కొందరి చేత ఒకే భాగాన్ని ఒకసారి ఫ్రెంచిలో, ఒకసారి ఇంగ్లీషులో చదివించి, వింటున్నవారికి అది ఒకే మనిషి గొంతు అని చెప్పకుండా, ఆ గొంతు గల మనిషి ఎలాంటివాడో అంచనా వేయమన్నారు. ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థులు ఇంగ్లీషు గొంతుకు ఎక్కువ మార్కులు వేయడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఫ్రెంచి మాట్లాడే విద్యార్థులు కూడా చాలా గుణాల్లో ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ వేశారు. తక్కువగా చూడబడుతున్న భాష మాట్లాడేవారు ఆ చిన్నచూపును తామే మోస్తుంటారని దానివల్ల తేలింది. పట్నంలో మొదట మనల్ని వెక్కిరించేది తరచు మన పక్క మండలం నుంచే వచ్చి, నాలుగేళ్ల ముందు తన యాస మార్చుకున్నవాడు కావడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ క్షణం దగ్గరికి వస్తాను. సిగ్గుపడిన మనిషి మాటలో వచ్చే మొదటి మార్పు ధ్వనిలో రాదు, బలంలో వస్తుంది. వాక్యాన్ని మామూలుగానే మొదలుపెడతాడు, మధ్యలో తాను ఏదో "యాస మాట" అన్నానేమోనని అనుమానం వస్తుంది, అక్కడి నుంచి గొంతు తగ్గించి, వేగం పెంచి, చివరి మాటను పెదవుల మధ్యే మింగేసి ముగిస్తాడు. ఇంగ్లీషు వంటి భాషలో ఇలా చేస్తే నష్టం కొంత తక్కువ, ఎందుకంటే అందులో "కాదు" అని చెప్పే మాట, చేసే పనిని చెప్పే మాట వాక్యం ముందు భాగంలోనే వచ్చేస్తాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా, చేయవచ్చా చేయకూడదా అన్నవన్నీ ఆ చివరి మాటలోనే, ఇంకా చెప్పాలంటే ఆ మాట తోకలోనే ఉంటాయి. సిగ్గు సరిగ్గా అక్కడే కోత పెడుతుంది. వినేవాడు "ఏమన్నారు?" అని మళ్లీ అడుగుతాడు, మాట్లాడినవాడు తన యాస అర్థం కాలేదనుకుని ఇంకా ముడుచుకుపోతాడు. అర్థం కానిది యాస కాదు, మింగేసిన క్రియ.

నాకు తెలిసిన ఒక యువకుడి విషయంలో ఇది చాలా స్పష్టంగా కనిపించింది. టెక్కలి వైపు నుంచి వచ్చి, గుంటూరు జిల్లాలో ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు పాఠం చెప్పే పనిలో చేరాడు. పిల్లలు అతని "ఏటి"ని పట్టుకున్నారు. అతను తలుపు దాటగానే వెనక బల్లల నుంచి "ఏటి సార్?" అని వినిపించేది. మూడు నెలలకల్లా పాఠం అర్థం కావడం లేదని పైవారికి ఫిర్యాదు వెళ్లింది, వాళ్లు "భాష కొంచెం మార్చుకోవయ్యా" అన్నారు. అప్పుడు నా దగ్గరకు వచ్చి, కోస్తా తెలుగు నేర్పమని అడిగాడు. నేను ముందు ఒక ప్రశ్న అడిగి రమ్మన్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, "నిన్నటి పాఠంలో నీకు అర్థం కాని మాట ఏది?" అని అడగాలి. ఎగతాళినీ ఇబ్బందినీ విడదీయడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు. నవ్వడానికి మాత్రమే వచ్చినవాడు దీనికి జవాబు చెప్పలేడు, నిజంగా ఇబ్బంది పడినవాడు ఏదో ఒక మాట చెబుతాడు. అతనికి వచ్చిన జవాబుల్లో "బేగి" ఒకటి, "తీసీసి" ఒకటి ఉన్నాయి. "ఏటి" అని ఒక్కరూ అనలేదు. ఎక్కువమంది చెప్పింది వేరు: "చివర ఏం అంటారో వినపడదు సార్."

తరువాత పాఠాన్ని ఫోనులో ఐదు నిమిషాలు రికార్డు చేయించాను. దాన్ని రెండు రోజుల పాటు వినవద్దని చెప్పాను. తన గొంతు తాను రికార్డులో విన్నప్పుడు ఎవరికైనా రోత పుడుతుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది, ఆ దారిన మంద్రపు స్వరాలు బాగా అందుతాయి, అందుకే మన గొంతు మనకు నిండుగా వినిపిస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు కనుక పలచగా, పరాయిగా ఉంటుంది. చాలామంది ఆ రోతను యాస మీదికి నెట్టేస్తారు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడికీ అదే రోత పుడుతుందని ముందే తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

రెండు రోజుల తరువాత కూర్చుని, అన్నది అన్నట్టుగా కాగితం మీద రాశాడు. దిద్దకుండా రాయడం కష్టం, చేయి దానంతటదే "సెప్పినాను"ను "చెప్పాను" అని రాసేస్తుంది. ధ్వని తేడాల కింద ఒక రంగు, మాటల కింద ఒక రంగు గీయించాను. రాగానికి గుర్తు పెట్టనేలేదు, దానితో మనకు పని లేదు. వాక్యం చివర వినపడని చోట సున్నా చుట్టించాను. కాగితం నిండా ధ్వని రంగే ఉంటుందని అతను అనుకున్నాడు గానీ, సున్నాలే ఎక్కువ తేలాయి. వాటిలో ఒకదాన్ని చూసి ఇద్దరమూ కాసేపు మాట్లాడలేదు. "టెస్టరు వెలగలేదు కదా అని కరెంటు లేదని అనుకోకూడదు" అన్న వాక్యం రికార్డులో "టెస్టరు వెలగలేదు కదా అని కరెంటు లేదని అనుకో..." దగ్గర ఆగిపోయింది. టెస్టరు చెడిపోయి ఉండవచ్చు, కింద ఎండు చెక్క మీద నిలబడి ఉంటే దీపం సరిగా వెలగకపోనూ వచ్చు, అందుకే ఆ హెచ్చరిక. వెనక బల్ల మీద కూర్చున్న పిల్లవాడు దాన్ని "అనుకోకూడదు" అని వినవచ్చు, "అనుకోవచ్చు" అనీ వినవచ్చు. 230 వోల్టుల దగ్గర ఆ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు.

అందువల్ల అభ్యాసం వాక్యం చివరి నుంచే మొదలుపెట్టాం. మరునాటి పాఠంలో వచ్చే పది వాక్యాలను రాసుకుని, ఒక్కోదాన్ని వెనక నుంచి కట్టుకురావాలి. మొదట "అనుకోకూడదు" అని ఒక్క మాటే, నిండు గొంతుతో. తరువాత "లేదని అనుకోకూడదు". తరువాత "కరెంటు లేదని అనుకోకూడదు". అలా వాక్యం మొదటికి చేరాలి. మామూలుగా ముందు నుంచి చదివితే ఊపిరి, శ్రద్ధ రెండూ మొదటి మాటల మీదే ఖర్చవుతాయి. వెనక నుంచి కడితే చివరి మాటను అన్నిటికంటే ఎక్కువసార్లు పలుకుతాం కనుక నాలుక దాని దగ్గరికి భయం లేకుండా వెళుతుంది. రోజుకు పది నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువ చేస్తే గొంతు బిగుసుకుంటుంది. దీనికి తోడు క్రియ తరువాత, కొత్త వాక్యం ఎత్తుకునే ముందు, మనసులో "ఒకటి" అని లెక్కపెట్టుకునేంత ఆగమన్నాను. సిగ్గుపడినవాడికి ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. వినేవాడికి అసలు తెలియను కూడా తెలియదు.

బాగుపడిందో లేదో మన చెవితో తేల్చుకోకూడదు. వర్క్‌షాపు వెనక గోడ దగ్గర సహోద్యోగిని ఒకరిని నిలబెట్టి, ముందు నుంచి ఇతను 20 వాక్యాలు చెబుతుంటే, ఒక్కో వాక్యం చివరి మాటను మాత్రమే ఆయన రాసుకోవాలి. తరువాత రెండు కాగితాలూ పోల్చి చూడాలి. మొదటిసారి 13 సరిపోయాయి, మూడు వారాల తరువాత 19. ఈ మూడు వారాల్లో అతని "సెప్పు" ఒక్కటి కూడా "చెప్పు" కాలేదు. అయినా పాఠం అర్థం కావడం లేదన్న మాట మళ్లీ రాలేదు.

మాటల విషయంలో అతను తీసుకున్న నిర్ణయాలు కొన్నే. పుస్తకంలో ఉన్న పదాలను పుస్తకంలో ఉన్నట్టే పలకాలని ఒకటి, ఎందుకంటే పిల్లలు వాటిని పరీక్షలో రాయాలి. "విద్యుత్తు"ను "ఇద్యుత్తు" అని వింటే అలాగే రాసేవాళ్లు కూడా ఉంటారు. "బేగి" లాంటి మాట వస్తే మింగేయకుండా పూర్తిగా అని, వెంటనే పక్కన అర్థం పెట్టాలని ఇంకొకటి: "బేగి తియ్యాలి, త్వరగా." ఇలా నాలుగైదుసార్లు అన్నాక ఆ మాట పిల్లలదీ అయిపోతుంది, తరువాత అర్థం చెప్పనక్కరలేదు. "ఏటి" జోలికి వెళ్లలేదు, రాగం జోలికి అసలే వెళ్లలేదు. అతని మాటకు ఉన్న అందమంతా ఆ రాగంలోనే ఉంది. ప్రశ్న అడిగేటప్పుడు చివరి అచ్చును సాగదీసి పైకి లేపే ఆ తీరు వల్ల, అడిగింది ప్రశ్నేనని వెనక బల్లకు కూడా తెలిసేది. దాన్ని తీసేసి ఉంటే పాఠం చప్పబడిపోయేది.

అన్నీ ఒకేసారి మార్చుకోబోయినవారికి ఏమవుతుందో కూడా చెప్పాలి. ఎక్కడ ఒత్తు ఉందో తెలియక ప్రతిచోటా ఒత్తు పెడతారు, "బాధ" కాస్తా "భాద" అవుతుంది. నిజానికి ఈ పొరపాటు యాస ఉన్నవారి కంటే యాస లేదని చూపించుకోవాలనుకునేవారిలోనే ఎక్కువ వినిపిస్తుంది. మరో లక్షణం కలగలుపు. వాక్యం "నేను చెప్పాను కదండీ" అని మొదలై, రెండో వాక్యానికి "అతను ఇననేదు" అని జారుతుంది. కంగారు, కోపం, నిద్రలేమి ఉన్నప్పుడు చిన్నప్పటి నోరే ముందుకు వస్తుంది, అది అందరి విషయంలోనూ అంతే. అరువు తెచ్చుకున్న తీరు ప్రశాంతంగా ఉన్నంతసేపే నిలుస్తుంది గనుక, ముఖ్యమైన సందర్భంలో, అంటే ఇంటర్వ్యూలోనో తగాదాలోనో, సరిగ్గా అవసరమైనప్పుడే మోసం చేస్తుంది. ఒకరి మాట కృతకంగా ఉందని మనకు అనిపించేది చాలావరకు ఈ అతుకుల దగ్గరే. ఇది మీలో మొదలైందేమో తెలుసుకోవాలంటే, మీరు ఇంటికి ఫోను చేసి మాట్లాడిన వెంటనే, అదే సంగతిని ఆఫీసువాళ్లకు చెబుతున్నట్టు రికార్డు చేసుకుని చూడండి. రెండింటిలో మాటలు మారితే ఫరవాలేదు, అది అందరూ చేసేదే. వాక్యాలు కురచబడి, హాస్యం మాయమై, చెప్పే సంగతులే తగ్గిపోతే మాత్రం మీరు యాసతో పాటు మిమ్మల్ని కూడా తగ్గించుకుంటున్నారన్నమాట.

ఎదుట నవ్వినప్పుడు ఏమనాలి? పొడుగు జవాబు పనికిరాదు, మౌనంగా ముడుచుకోవడమూ పనికిరాదు. మాటను వదిలి విషయంలోకి వెంటనే రావడం ఒక్కటే పనిచేయగా చూశాను. మన ఐటీఐ మాస్టారు వెనక బల్ల నుంచి "ఏటి సార్?" అని వినిపించినప్పుడు ఒకరోజు ఆ పిల్లవాడి వైపు తిరిగి, "అవును, ఏటి. ఈ బోర్డులో ఫేజు తీగ ఏటో, న్యూట్రల్ ఏటో వచ్చి చూపించు" అన్నాడు. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. పిల్లవాడు వచ్చి తప్పు తీగ చూపించాడు, క్లాసు నవ్వింది గానీ ఈసారి నవ్వు వేరే వైపు వెళ్లింది. స్నేహితుల మధ్య వేళాకోళానికి ఇంత కూడా అక్కరలేదు, మీరూ వాళ్లను తిరిగి ఏడిపించగలిగే చనువు ఉంటే అది ఆటే. ఆ చనువు లేని చోట, ఒకే మనిషి పదే పదే, అదీ పైవారి ముందు మాత్రమే అనుకరిస్తుంటే, విడిగా పిలిచి "మీరలా అంటే నేను చెప్పే విషయం పక్కకు పోతోంది, ఆపండి" అని ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యాన్ని కూడా ముందురోజు వెనక నుంచి కట్టుకుని రండి, "ఆపండి" వినపడకపోతే అది బతిమాలుకున్నట్టు ఉంటుంది. పనితీరు నివేదికలో "భాష బాగులేదు" అని రాస్తే మాత్రం నోటితో వాదించకుండా, ఏ మాట, ఏ సందర్భంలో, ఎవరికి అర్థం కాలేదో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. జవాబు వస్తే దిద్దుకోవడానికి మీకొక జాబితా దొరికినట్టు. రాకపోతే ఆ వ్యాఖ్య దేని గురించో తెలిసినట్టు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. వార్తలు చదవడం, డబ్బింగ్ చెప్పడం వంటి పనుల్లో ఆ మధ్య మండలపు ఉచ్చారణనే అడుగుతారు. అలా అడగడం న్యాయమా అన్నది వేరే చర్చ. ఉద్యోగం కావాలంటే అది ఒక విద్యగా నేర్చుకోవలసిందే, చకార సకారాలను జంటలుగా పెట్టుకుని నెలల తరబడి సాధన చేయవలసిందే. నాటకంలో వేషం వేసినవాడు ఇంటికి వచ్చి రంగు కడుక్కున్నట్టు, ఆ ఉచ్చారణను స్టూడియోలో వదిలి రావచ్చు. ఎగతాళి కులం మీద గురిపెట్టి సాగుతున్న చోట ఏ ఉచ్చారణ సాధనా పనిచేయదు. అక్కడ ఎంత "శుద్ధంగా" మాట్లాడినా నవ్వడానికి ఇంకొకటి వెతుక్కుంటారు, కాబట్టి దాన్ని మాట సమస్యగా భావించి నోటిని హింసించుకోవడం దండగ.

ఐటీఐ మాస్టారు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. రెండేళ్లలో చకారాలు చాలావరకు వాటంతటవే వచ్చి చేరాయి, రోజూ వింటూ ఉంటే అలా చేరతాయి. కోపం వచ్చినప్పుడు మాత్రం "మెయినాపీసి సెయ్యెట్టమని ఎన్నిసార్లు సెప్పినాను?" అని ఉరుముతాడు. అది వినగానే పిల్లలందరూ చేతులు వెనక్కి తీసుకుంటారు.